“మంచి ఐడియా, తర్వాత చూద్దాం” అని రాస్తే కోడ్ రాసుకొచ్చాడు

వేపచెట్టు: నెలవారీ చందా ఆటోపేలో టైమౌట్ వస్తే మనమే వెంటనే మళ్లీ డెబిట్ పంపాలని మా జూనియర్ రెండు పేజీల ప్రతిపాదన పంపాడు. అలా చేస్తే కొందరికి డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది. కుర్రాడు బాధపడతాడని “చాలా మంచి ఐడియా, ప్రస్తుతానికి వేరే పనులున్నాయి, తర్వాత చూద్దాం” అని రాశాను. రెండు శని, ఆదివారాలు కూర్చుని కోడ్ రాసి రివ్యూకి పెట్టాడు. ఇప్పుడు కాదని ఎలా రాయాలి?

గోళీసోడా: ఫోన్ చేసి చెప్పండి సార్. దీనికి మెయిల్ ఎందుకు?

పాతచింత: ఫోన్ చేయండి, కానీ రాతలో కూడా ఉండాలి. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు ఇదే ఐడియా తెస్తే కారణం ఎక్కడ దొరుకుతుంది?

అసలు తప్పు “తర్వాత చూద్దాం” దగ్గరే ఉంది. మీకు అది కాదని చెప్పడం, అతనికి అది ఆలస్యం. పైగా తీరిక లేదన్నారు, అతను తన తీరికలో చేసి పెట్టాడు. మీరు చెప్పిన అడ్డంకిని తీసేశాడు, అంతే. రాసే కారణం నిజమైనదై ఉండాలి, ఒకటే ఉండాలి. నాలుగు రాస్తే అందులో బలహీనమైనదాన్ని పట్టుకుని వాదిస్తాడు. అతను ఏమైనా లెక్కలు ఇచ్చాడా?

వేపచెట్టు: ఇచ్చాడు. మూడు రోజుల లాగ్‌లు చూసి 212 టైమౌట్లు ఏరాడు. నేను సరిచూస్తే అందులో 31 తర్వాత సక్సెస్ అయ్యాయి.

పాతచింత: అయితే ఉత్తరం దాదాపు అయిపోయినట్టే. ఇలా రాయండి:

“టైమౌట్ల వల్ల చందాలు ఆగిపోతున్నాయన్నది నిజం, నువ్వు 212 చూపించావు. అయినా ఈ మార్పు మనం చేయడం లేదు. వాటిలో 31 బ్యాంకు దగ్గర అప్పటికే డెబిట్ అయ్యాయి, మనకు జవాబు మాత్రమే ఆలస్యమైంది. వెంటనే మళ్లీ పంపితే ఆ 31 మందికి రెండుసార్లు కట్ అవుతుంది. ఒకే ఆర్డర్ నంబరుతో రెండోసారి వచ్చినదాన్ని గేట్‌వే తిప్పికొట్టే ఏర్పాటు వస్తే మళ్లీ మాట్లాడదాం. నా మొదటి మెయిల్ వల్ల నీ నాలుగు రోజులు పోయాయి, తప్పు నాది.”

‘కాదు’ అన్నది రెండో వాక్యంలోనే వచ్చింది చూడండి. పొగడ్తల కింద పెడితే ఎవరికీ కనబడదు.

రూల్‌కర్ర: ఇంత భయమెందుకు? రెండుసార్లు కట్ అయినా ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి వస్తుంది. ఆర్‌బీఐ 2019లోనే చెప్పింది, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కూడా ఇవ్వాలి.

పాతచింత: అది కస్టమర్ ఖాతాలో కట్ అయి, వ్యాపారికి చేరినట్టు ఖరారు కాని యూపీఐ చెల్లింపుల సంగతి. ఇక్కడ రెండూ చేరాయి. రిఫండ్ వీళ్లే చేయాలి.

మిట్టమధ్యాహ్నం: ఇదంతా ముసుగు. మా ఆఫీసులో నేను నైట్ షిఫ్ట్ మార్చాలని రాస్తే “నీ శ్రమను గౌరవిస్తున్నాం” అని ఇలాంటి ఉత్తరమే వచ్చింది. ఆర్నెల్లకి మా మేనేజరే అదే ప్లాన్ తన పేరు మీద చూపించాడు. నిర్ణయం ముందే అయిపోయాక “విన్నాను” అని రాయడం నాటకం కాదా?

పాతచింత: మీ మేనేజరు మీద కోపం నా మీద తీర్చుకోకండి. ఆ ఉత్తరంలో కారణం ఉందా?

మిట్టమధ్యాహ్నం: లేదు. అందుకే అడుగుతున్నా. పై ఉత్తరంలో అతను రాసినదానికి జవాబెక్కడ? మీరు ప్రతిపాదన చదవకుండానే ఉత్తరం రాసిచ్చారు. వేపచెట్టుగారూ, మీరైనా రెండో పేజీ చదివారా?

గోళీసోడా: అబ్బో.

వేపచెట్టు: …ఇప్పుడే తీసి చూశాను. మొదటి పేజీలో “వెంటనే మళ్లీ” అనే ఉంది. రెండో పేజీలో మాత్రం ముందు గేట్‌వేని స్టేటస్ అడిగి, ఫెయిల్ అని వస్తేనే పంపాలని రాశాడు. కోడ్ కూడా అలాగే ఉంది.

పాతచింత: అయితే నా ఉత్తరం చెల్లదు, అలా పంపకండి. అతను జవాబిచ్చేసిన కారణాన్నే చూపించి కాదంటే, చదవలేదని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు. ఇక మిగిలింది స్టేటస్ ‘పెండింగ్’ అని వచ్చినప్పుడు ఏం చేస్తాడన్నదే.

వేపచెట్టు: గంట ఆగి మళ్లీ పంపుతాడు.

పాతచింత: అక్కడుంది చిక్కు. గంట తర్వాత కూడా పెండింగ్‌లో ఉండి, ఆ మీదట సక్సెస్ అయినవి ఆ 31లో ఎన్ని? ఒక్కటున్నా కాదనడానికి అదే కారణం, అతని రెండో పేజీలోని ఆ వాక్యం పేరు చెప్పి రాయండి. ఒక్కటీ లేకపోతే కాదనడానికి మీ దగ్గర ఏముందో నాకు తెలీదు.

మిట్టమధ్యాహ్నం: మూడు రోజుల లాగ్ చూసి ‘ఒక్కటీ లేదు’ అని కూడా అనలేం లెండి. నెల మొదటి వారం చూడండి, చందాలన్నీ అప్పుడే కట్ అవుతాయి.

వేపచెట్టు: రేపు పొద్దున అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని నెల లాగ్ చూస్తాను. అప్పటిదాకా రివ్యూ ఆపేశాను.

పాతచింత: ఎందుకు ఆపారో అతనికి రాశారా?