క్లాస్ నోట్స్‌ని వింటూ చదువుకునే ఆడియోగా మార్చడంలో టేబుల్స్ దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి

అందరికీ నమస్తే. నేను బీఫార్మసీ చదువుతున్నాను. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వరకు రోజూ మెట్రోలో వెళ్తాను, ఆ టైమ్‌లో ఫార్మకాలజీ రివిజన్ చేద్దామని నోట్స్‌ని నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నాను.

మొదట డైయూరెటిక్స్, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందుల నోట్స్ ఉన్నది ఉన్నట్టు చదివేశాను. విన్నంతసేపూ అర్థమైనట్టే ఉంది కానీ, దిగాక ఫ్యూరోసెమైడ్ ఎక్కడ పనిచేస్తుందో గుర్తు రాలేదు. తర్వాత స్క్రిప్ట్ మార్చాను. మూత్రం కిడ్నీ నాళంలో ప్రయాణించే దారినే కథలా చెప్తూ, హెన్లే లూప్ పైకెక్కే మందపాటి భాగంలో ఫ్యూరోసెమైడ్, దాని తర్వాత డిస్టల్ నాళంలో థయజైడ్, చివర్లో కలెక్టింగ్ డక్ట్ దగ్గర స్పైరొనొలాక్టోన్, ఇలా ఒక్కో స్టేషన్‌లా పెట్టాను. ప్రతి చోటా ప్రశ్న అడిగి 5 సెకన్లు ఖాళీ వదిలి, ఆ తర్వాతే జవాబు చెప్తున్నాను. ఇది బాగా పనిచేసింది.

ఇబ్బంది పోలికల దగ్గర. ఫ్యూరోసెమైడ్ కాల్షియంని మూత్రంలోకి పోగొడుతుంది, థయజైడ్ శరీరంలోనే నిలుపుతుంది, పొటాషియం మాత్రం రెండింటితోనూ పోతుంది, స్పైరొనొలాక్టోన్‌తో నిలుస్తుంది. పేపర్ మీద నాలుగు గడుల్లో కనిపించేది చెవికి వచ్చేసరికి కలగాపులగం అయిపోతోంది. ఒక్కో మందు గురించి మొత్తం చెప్పేసి తర్వాత మందుకి వెళ్లాలా, లేక కాల్షియం ఒక్కటే తీసుకుని అన్ని మందులూ తిప్పి చెప్పాలా? ఫ్రెండ్‌తో ఇద్దరం సంభాషణలా రికార్డ్ చేస్తే తేడాలు బాగా నిలుస్తాయా? ఇలా చేసి పరీక్ష రాసినవాళ్లు ఉంటే మీ స్క్రిప్ట్‌లో ఒక ముక్క చూపించండి ప్లీజ్, ఇంటర్నల్స్‌కి రెండు వారాలే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.