ఒకే ఫారం మూడు కాపీలు: గడుల పేర్లు మార్చి కలపాలా, ఫ్లాటెన్ చేసి కలపాలా?

రాయగడ_డీటీపీ: ఒకే అప్లికేషన్ పీడీఎఫ్‌ని ముగ్గురు అన్నదమ్ములకు విడివిడిగా నింపి సేవ్ చేశాను. కలిపితే మూడింట్లోనూ పెద్దాయన పేరే వస్తోంది. ఒక్కటే ఫైలు ఇమ్మంటున్నారు. ఎలా?

జయపురం_జెరాక్స్: ఫైళ్ల పేర్లు వేరుగా ఉన్నాయా? 1, 2, 3 అని పెట్టి కలపండి, సరిపోతుంది.

పర్లాకిమిడి_మాస్టారు: ఫైలు పేరుకీ దీనికీ సంబంధం లేదండీ. లోపల ప్రతి గడికీ ఒక పేరుంటుంది. పేరు రాసే గడి `name` అనుకోండి. ఒకే పీడీఎఫ్‌లో `name` అని మూడు చోట్ల ఉంటే అవి మూడు గడులు కావు, మూడు చోట్ల కనిపించే ఒకే గడి. దానికి విలువ కూడా ఒక్కటే. అక్రోబాట్‌లో కలిపినప్పుడు ముందున్న ఫైలు విలువ నిలిచింది, మిగతా రెండూ పోయాయి. ఇది తప్పేం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటే. మొదటి పేజీలో రాసిన పేరు మూడో పేజీలో దానంతటదే పడేది దీనివల్లే.

బరంపురం_కుర్రోడు: ఇంత ఎందుకు గురూ, ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి కలిపేయ్. గడులే ఉండవు, గొడవే ఉండదు.

పర్లాకిమిడి_మాస్టారు: సగం నిజం. గడుల్ని ఇలా మామూలు రాతగా మార్చేయడాన్నే ఫ్లాటెన్ అంటారు. ఇక ఎవరూ ముట్టుకోని ఫైలైతే అదే మేలు. కానీ ఇలాంటి ఫారాల్లో కింద ఆఫీసువాళ్లు నింపే గడులు ఉంటాయి, అవీ చచ్చిపోతాయి. గడులు బతికుండాలంటే పేర్లు మారాలి. qpdf అనే ఉచిత కమాండ్ సాధనం ఉంది, 10.3గానీ ఆ తర్వాతిదిగానీ అయితే కలిపేటప్పుడు అదే మారుస్తుంది:

```
qpdf --empty --pages 1.pdf 2.pdf 3.pdf -- moodu.pdf
```

10.2లోనూ ఈ పని మొదలైంది గానీ పేర్లు ఢీకొన్నచోట తడబడేది, అందుకే పాతది వాడొద్దు. కలిపాక pdftk అనే ఇంకో సాధనంతో చూసుకోండి:

```
pdftk moodu.pdf dump_data_fields_utf8
```

`FieldName` వరసల్లో `name`, `name+1`, `name+2` విడివిడిగా కనిపించి, ఒక్కోదాని కింద `FieldValue`లో ఆయా మనిషి పేరు ఉంటే పని అయినట్టే. ఒక కాపీలో ఒకే పేజీ మీద రెండు చోట్ల పడాల్సిన పేరు మాత్రం అలాగే కలిసి ఉంటుంది, దాన్ని విడగొట్టదు.

రాయగడ_డీటీపీ: ఇంకో ఉచిత సాధనంతో కలిపితే బ్రౌజర్‌లో మూడు పేర్లూ సరిగ్గానే కనిపించాయండీ. అది చాలదా?

పర్లాకిమిడి_మాస్టారు: చాలదు. కొన్ని సాధనాలు పేర్లు మార్చకుండా గడుల్ని పక్కపక్కన పడేస్తాయి. ఒక్కో గడికి పాత బొమ్మ మిగిలి ఉంటుంది కాబట్టి చూడ్డానికి బాగుంటుంది. అవతలివాళ్లు అక్రోబాట్‌లో తెరిచి ఒక గడి ముట్టుకున్నారో, మిగతావీ మారిపోవచ్చు. రెండో కాపీ పేరులో ఒక అక్షరం మార్చి ట్యాబ్ కొట్టి, మొదటి కాపీ కదిలిందేమో చూడండి.

సిరోంచ_నెట్‌సెంటర్: మా దగ్గర మరాఠీ ఫారాలండీ, మొత్తం గడి దానంతటదే కూడుతుంది. పేర్లు మార్చి కలిపాక రెండో కాపీలో మొత్తం కదలట్లేదు. అందరూ పేర్లు మార్చమనే చెప్తారు, ఇది ఎవరూ చెప్పరు.

పర్లాకిమిడి_మాస్టారు: కూడే లెక్క ఆ గడిలో స్క్రిప్టుగా ఉంటుంది, అందులో పాత పేర్లే రాసి ఉంటాయి. గడి `amt1+1` అయినా స్క్రిప్టు `amt1`నే వెతుకుతుంది. సాధనాన్ని బట్టి లెక్క ఆగిపోవచ్చు, లేదంటే రెండో కాపీలో మొదటి కాపీ అంకెలు కూడొచ్చు. రెండోది ఘోరం, ఎందుకంటే ఏదో ఒక అంకె కనిపిస్తుంది గనక ఎవరికీ అనుమానం రాదు. అలాంటి ఫారం లెక్కలన్నీ విడి ఫైల్లోనే పూర్తి చేసి, ఫ్లాటెన్ చేసి కలపడమే నయం.

బరంపురం_కుర్రోడు: చూశారా, చివరికి నా మాటకే వచ్చారు!

పర్లాకిమిడి_మాస్టారు: ఆ ఒక్క రకానికి వచ్చాను బాబూ.

జయపురం_జెరాక్స్: నేను qpdfతోనే ఫ్లాటెన్ చేశాను, ఒడియా పేర్లున్న గడులు పాడైపోయాయి. ఫాంట్ లేకనా?

పర్లాకిమిడి_మాస్టారు: `--generate-appearances` పెట్టారా? ఆ పని ఇంగ్లీషు అక్షరాలకే నమ్మకం, ఒడియాకు, తెలుగుకు పనికిరాదు. గడి బొమ్మను ముందే సరిగ్గా గీయించాలి. ఒడియా సరిగ్గా చూపించే రీడర్‌లో తెరిచి, అక్కణ్నుంచే ప్రింట్ టు పీడీఎఫ్ చేసి, ఆ ఫైళ్లను కలపండి.

సిరోంచ_నెట్‌సెంటర్: డిజిటల్ సంతకం ఉంటే?

పర్లాకిమిడి_మాస్టారు: ఎలా కలిపినా ఆ సంతకం చెల్లదు. ముందు కలిపి, తర్వాత సంతకం పెట్టించాలి.

రాయగడ_డీటీపీ: qpdfతో కలిపాను, `name+2` దాకా వచ్చింది, ముగ్గురి పేర్లూ విడిగా ఉన్నాయి. టిక్కు గడులు ఒకటి నొక్కితే ఒకటే మారుతోంది. ఆఫీసు గడులు వాళ్లు నింపుతారా, ప్రింటు తీసి పెన్నుతో రాస్తారా అన్నది మాత్రం రేపు అడగాలి.

బరంపురం_కుర్రోడు: పెన్నుతోనే రాస్తారు. పందెం.