ఫోన్ వీడియో చూపించిన తరువాత పిల్లల పరుగు ఎందుకు చెడుతోంది?

రాయలసీమ పీఈటీ
నేను ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మట్టి మైదానంలో 100 మీటర్ల పరుగు నేర్చుకుంటున్న మా పిల్లల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ప్రతి అడుగునూ శరీరానికి బాగా ముందు వేస్తుంది. మడమే మొదట నేలను తాకుతుంది. ప్రతి పరుగునూ ఫోన్‌లో తీసి, వెంటనే చూపించి, పాదాన్ని అంత ముందుకు వేయవద్దని చెబుతున్నాను. ఆమె అర్థమైనట్టే తల ఊపుతుంది కాని, తరువాతి పరుగులో అడుగులు కుదించుకుని, భుజాలు బిగించి పరుగెత్తడంతో 30 మీటర్లకు పట్టే సమయం ఇంకా పెరుగుతోంది. వీడియో వల్ల నిజంగా మేలు జరిగినవారు దానిని ఎలా తీస్తున్నారో, ఎలా చూపుతున్నారో తెలియజేయగలరు.

రెండో లేన్
మీరు బహుశా సాధారణ వీడియో తీస్తున్నారు. అందులో సెకనుకు 30 ఫ్రేములే ఉంటాయి. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెట్టి తీయండి, తప్పు స్పష్టంగా కనిపిస్తుంది. పాదం సరిగ్గా తుంటి కిందనే పడే వరకు అదే చూపుతూ ఉండండి. దాని పక్కన ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో పరుగెత్తిన వీడియోను పెట్టి పోల్చి చూపితే పిల్లలకు ఇక వేరే వివరణ అవసరం ఉండదు.

హనుమకొండ కోచ్
240 ఫ్రేముల మాట సరైనదే, ఎందుకో కూడా చెబుతాను. ఆ అమ్మాయి సెకనుకు 7 మీటర్ల వేగంతో వెళుతోందనుకుంటే, 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకూ మరొక ఫ్రేముకూ మధ్య ఆమె శరీరం సుమారు 23 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. పాదం నేలను తాకిన క్షణం ఆ రెండింటి మధ్య ఎక్కడో పడిపోతుంది కనుక, మనం ఆపి చూపిస్తున్న బొమ్మ నిజానికి ఆ క్షణానిది కాకపోవచ్చు. 240 ఫ్రేములలో ఆ తేడా 3 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అయితే కొన్ని చవక ఫోన్లు నిజంగా 240 ఫ్రేములు తీయవు. మధ్య ఫ్రేములను తామే కల్పించి నింపుతాయి. వీడియోను ఒక్కొక్క ఫ్రేముగా జరిపి చూసినప్పుడు పాదం అంచు రెండుగా, నీడలా కనబడితే అటువంటి ఫోన్‌ను ఈ పనికి నమ్మకూడదు.

పాదం సరిగ్గా తుంటి కింద పడాలన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. పూర్తి వేగంలో ఉన్న అత్యుత్తమ స్ప్రింటర్లకు కూడా పాదం తుంటికి కొంత ముందే నేలను తాకుతుంది. సున్నా దూరం కోసం పట్టుబడితే మన పిల్లలు చేసేది ఆ అమ్మాయి చేస్తున్నదే: అడుగు కుదించుకుంటారు. బోల్ట్‌తో పోలిక కూడా వద్దంటాను. ఆరున్నర అడుగుల మనిషి సుమారు 41 అంగల్లో ముగించిన పరుగును చూసిన పిల్లకు, నేను ఇంకా పెద్ద అంగలు వేయాలేమో అన్న ఆలోచనే కలుగుతుంది. ఆమెకు ఉన్న జబ్బే అది.

ముందు ఒక సంగతి చెప్పండి: తీసేటప్పుడు మీరు ఎక్కడ నిలబడుతున్నారు?

రాయలసీమ పీఈటీ
గమ్యరేఖ దగ్గర, లేన్‌కు కొంచెం పక్కగా నిలబడి, ఆమె వస్తున్నకొద్దీ ఫోన్‌ను తిప్పుతూ తీస్తున్నాను.

ఇద్దరు పిల్లల అమ్మ
మా పాప జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. చేతుల మీద నిలబడినప్పుడు తన నడుము విల్లులా వంగుతుందని కోచ్ ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. తనకు నిటారుగానే ఉన్నట్టు అనిపిస్తుందట. నేను పక్కనుంచి ఒక్క ఫొటో తీసి చూపించగానే పొట్ట లోపలికి బిగించడం మొదలుపెట్టింది. అందువల్ల ఫ్రేముల గొడవ లేకుండా ఫొటో చాలదా? తరగతి గ్రూపులో ఇటువంటివి పెట్టవచ్చో లేదో కూడా ఎవరైనా చెప్పండి.

హనుమకొండ కోచ్
అమ్మా, మీ పాప విషయంలో ఫొటో చాలింది, ఎందుకంటే ఆ భంగిమలో తను కొన్ని సెకన్లు ఆగి ఉంటుంది, నడుమును అక్కడికక్కడే సరిచేసుకోగలదు. పరుగులో పాదం నేల మీద ఉండేది సెకనులో ఐదో వంతు కూడా కాదు. ఆ వ్యవధిలో ఆలోచించి సరిదిద్దుకోవడం ఎవరి తరమూ కాదు. ఇక గ్రూపులో పెట్టవద్దు. ఏ పిల్ల వీడియో ఆ పిల్ల ఇంటివారికే పంపి, మన ఫోన్‌లో తుడిచేయడం మంచిది.

పీఈటీ గారూ, వాలుగా తీసిన వీడియోలో పాదానికీ తుంటికీ మధ్య దూరం నిజమైన దూరంలా కనిపించదు, ఫోన్ తిరుగుతుంటే అది అడుగు అడుగుకూ మారుతుంది. లేన్‌కు 10 మీటర్ల దూరంలో, లేన్‌కు సూటిగా అడ్డంగా, ఆమె తుంటి ఎత్తులో ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టండి. బయలుదేరిన చోటినుంచి 25 మీటర్ల దగ్గర ఫోన్ ఎదురుగా రెండు కోన్లను 4 మీటర్ల ఎడంతో ఉంచి, వాటి మధ్య పడిన రెండు మూడు అడుగులను మాత్రమే పరిశీలించండి. మిగతావి చిత్రంలో ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు.

ఆ అడుగుల్లో పాదం నేలను తాకిన ఫ్రేమును ఆపి, పాదాన్ని వదిలేసి రెండో కాలి మోకాలిని చూడండి. అది నేల మీది కాలి మోకాలిని అప్పటికే దాదాపు కలుసుకుని ఉండాలి. ఇంకా బాగా వెనుకే ఉంటే, ఆ కాలు ఆలస్యంగా వస్తోందన్నమాట. అది వచ్చే వరకు ముందు కాలు గాలిలో చాచుకుని ఉండక తప్పదు. మీరు చెబుతున్న పాదం తప్పు చాలాసార్లు ఈ ఆలస్యానికి ఫలితమే. ఫలితాన్ని ఆపమంటే పిల్ల బిగుసుకుపోతుంది.

రాయలసీమ పీఈటీ
మీరు చెప్పినట్టు తీశాను. పాదం నేలను తాకే సమయానికి రెండో మోకాలు తొడ పొడవులో సగం మేర వెనుకే ఉంది. నేల మీద పాదం 38 ఫ్రేములు ఉంది, అంటే సుమారు 0.16 సెకను. ఇప్పుడు ఆమెకు ఏమని చెప్పాలి?

హనుమకొండ కోచ్
మోకాలి గురించి కూడా ఏమీ చెప్పకండి. మట్టి మీద ఆమె అడుగు గుర్తుల మధ్య దూరం కొలవండి. అది 1.70 మీటర్లయితే, 1.55 దగ్గర మొదలుపెట్టి క్రమంగా 1.70 వరకు పెరిగేలా నేల మీద అడ్డంగా సన్నని వెదురు బద్దలు పరచి, వాటి మధ్య ఒక్కొక్క అడుగే పడేలా పరుగెత్తించండి. దాటాలంటే మడమను పిరుదు కిందుగా త్వరగా లాగక తప్పదు, ఆ పని బద్దలే చేయిస్తాయి. నోటితో చెప్పవలసింది ఒక్కటే: నేలను వెనక్కి నెట్టు.

వీడియోను ప్రతి పరుగుకూ చూపకండి, ఆమే అడిగినప్పుడు చూపండి. 30 మీటర్ల తరువాత ఎలాగూ మూడు నిమిషాల విశ్రాంతి కావాలి. ఆ సమయంలో ముందు ఆమెనే ఎలా అనిపించిందో అడగండి, తరువాత మామూలు వేగంతో ఒకసారి, నెమ్మదిగా ఒకసారి చూపండి. ఎక్కడ చూడాలో ముందే చెప్పకపోతే పిల్లలు తమ ముఖాన్నీ జడనూ చూసుకుంటారు. నెమ్మది వీడియోను మాత్రమే చూసిన పిల్లలు పరుగు లయను కూడా నెమ్మదిగానే ఊహించుకుంటారని నా అనుభవం.

పాత స్టాప్‌వాచ్
నేను దీనికి ఒప్పుకోను. నేర్చుకునే తొలి రోజుల్లో ప్రతిసారీ చూపితేనే పిల్లలకు తమ శరీరం గురించి సరైన అంచనా ఏర్పడుతుంది. తగ్గించడం తరువాతి సంగతి. పైగా పిల్లే అడిగినప్పుడు చూపమంటే, సిగ్గుపడే పిల్ల ఎప్పటికీ అడగదు.

హనుమకొండ కోచ్
సిగ్గు సంగతి నిజమే, దానికి నా దగ్గర మంచి ఉపాయం లేదు. ప్రతిసారీ చూపడం గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు: ఫోన్ ఉన్న రోజున బాగా పరుగెత్తి, లేని రోజున పాత పద్ధతికే వెళ్ళిపోయిన పిల్లలను చూశాను. అందుకే ఫోన్ తీయని రోజున కూడా సమయం కొలవండి.

రాయలసీమ పీఈటీ
బద్దల మీద సాధన చేయించి, అవి తీసేసిన తరువాత మళ్ళీ వీడియో తీశాను. నేల మీద పాదం 33 ఫ్రేములకు తగ్గింది, మోకాళ్ళు ఇంకా పూర్తిగా కలవడం లేదు. 30 మీటర్ల సమయం పాతదానికన్నా కొద్దిగానే మెరుగైంది, అది చేతి గడియారంతో తీసినది కనుక దానిని నమ్మాలో లేదో తెలియదు. ఎడమ కాలు కుడికాలికంటే ఆలస్యంగా వస్తున్నట్టు ఇప్పుడే గమనించాను. ఫోన్‌ను లేన్ రెండో పక్కన పెట్టి మరొకసారి తీసి చూస్తే గాని అది నిజమో కాదో చెప్పలేను.