సమస్య: ఈ తత్తకారానికి మాటలు కట్టండి

పృచ్ఛకుడు:
ఈసారి పద్యపాదం ఇవ్వట్లేదు, ట్యూనే సమస్య. ట్యూన్ లాక్ అయిపోయింది, ఒక్క స్వరం కూడా కదపడానికి లేదు.

తానన తానన తానన తానా
తననా తననా తా... నా...

అంతా నాలుగేసి మాత్రల నడక, ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద దెబ్బ పడుతుంది. చివరి తా, నా ఒక్కోటి నాలుగు మాత్రలు సాగుతాయి, ఆ నా పైషడ్జం మీద నిలబడుతుంది. సందర్భం, వెళ్ళిపోయిన మనిషి కోసం ఇంట్లో ఎదురుచూపు.

కందపద్యం:
నా పూరణ.
వాకిట దీపము వేచెను నీకై
తలుపే తెరిచీ పె...ట్టా...
గురులఘువులు ఒక్కటి కూడా తప్పలేదు, చూసుకోండి. యతి ఎక్కడ వేయాలో మాత్రం చెప్పలేదు మీరు?

కొత్తకలం:
నాది కూడా చూడండి ప్లీజ్.
నా మనసంతా నీకై వేచే
పిలుపే వినదా మ...ది...

వీణతంత్రి:
కందపద్యం గారూ, యతి గొడవ ఇక్కడ లేదండీ. గణాలు సరిగ్గానే ఉన్నాయి కానీ పాడి చూడండి, "పె" దగ్గర ఇరుక్కుపోతారు. ఛందస్సులో పెట్టా అన్నప్పుడు పె గురువే, ఒప్పుకుంటా, కానీ ఆ గురుత్వం వెనకున్న ట్ట వల్ల వచ్చింది, అచ్చు పొట్టిదే. నాలుగు మాత్రలు దేన్ని సాగదీస్తారు? ట్ మీద నోరు మూతపడిపోతుంది, ఇక మిగిలింది ఎ ఒక్కటే, దాన్ని సాగదీస్తే పే...టా అని వినిపిస్తుంది, వినేవాడు ఏ పేటా అనుకుంటాడు. అదే మొదటి లైన్‌లో రెండు మాత్రల తా దగ్గరైతే ఒత్తు వల్ల వచ్చిన గురువు హాయిగా సరిపోతుంది. సాగే చోట మాత్రం దీర్ఘమే కావాలి.
ఇంకోటి, వేచెను అని గ్రాంథికంగా మొదలుపెట్టి పెట్టా అని ఇంట్లో మాటతో ముగించారు, ఒకే మనిషి పాడుతున్నట్టు లేదు.

కొత్తకలం, మీకూ చివర్లోనే దెబ్బ తగిలింది. మది రెండూ లఘువులు, సాగదీస్తే మా...దీ... అవుతుంది. "పిలుపే వినదా మాది" అని వేరే వాక్యమే పుట్టుకొచ్చింది, హృదయం పోయింది. పైగా పైషడ్జం మీద ఈ అంటే గొంతు బిగుసుకుంటుంది, ఆ గానీ ఓ గానీ అయితే విచ్చుకుంటుంది.
మొదటి లైన్ ముక్కలు చేసి చదవండి: నామన, సంతా, నీకై, వేచే. దెబ్బ సం మీద పడుతోంది కాబట్టి మనసు విరిగి సంత వినబడుతుంది.

కందపద్యం:
సాగే గురువు సంగతి నిజమే, అది నాకు తట్టలేదు. కానీ సంతా కూడా నాలుగు మాత్రలే కదా, తానన కూడా నాలుగే. మాత్రలు సరిపోయాక తప్పేముంది?

వీణతంత్రి:
మాత్రలు సరిపోతాయి, స్వరాలు సరిపోవు. తానన మీద మూడు స్వరాలు విడివిడిగా ఉన్నాయి, సంతా అంటే ఆ తా ఒక్కటే రెండు స్వరాలు మోయాలి, ఈ నడకలో అది జారినట్టు ఉంటుంది.

పాటపిచ్చి:
నేను ఒప్పుకోను, మంచి సింగర్ ఆ చోట చిన్న గమకం వేసి అందంగా తీసుకెళ్తాడు, అన్నిచోట్లా అక్షరానికి అక్షరం కొడితే పాట టైపు మిషన్‌లా అయిపోతుంది. సంత విరుపు మాత్రం నిజంగానే చెవిలో గుచ్చుకుంటోంది.

వీణతంత్రి:
నెమ్మది పాటైతే నేనూ మీ మాటే అంటాను. ఇక్కడ వేగం ఎంతో పృచ్ఛకులే చెప్పాలి. నా పూరణ ఇది:
చీకటి కమ్మిన వాకిట నేనే
తలుపే తెరిచా రా...వా...
తలుపు ఆలోచన కందపద్యం గారిదే. కమ్మినలో ఒత్తు ఉంది, రెండు మాత్రలే కాబట్టి ఇబ్బంది లేదు. డమ్మీ తత్తకారంలో తా, నా అని ఆకారమే ఉంది కాబట్టి రావా ఆ అచ్చుల్లోనే కూర్చుంది.

పాటపిచ్చి:
చదివితే ప్రశ్నలా ఉంది, సాగదీస్తే బతిమాలుతున్నట్టుంది, నాకు నచ్చింది. "తలుపే"లో ఆ ఏకారం మాత్రం లఘువు నింపడానికి వచ్చినట్టు ఉందండీ.

వీణతంత్రి:
లఘువు కాదు, మూడోది గురువు కావాలి, అందుకే తలుపు చాలదు. కానీ మీరన్నది కరెక్టే, ఆ ఏకి అర్థంలో పనిలేదు. మారుద్దామంటే లఘువు లఘువు గురువులో మంచి మాట ఇంకా దొరకలేదు.

హుక్‌లైన్:
కొంచెం పక్కదారి, సారీ. మా ట్యూన్‌లో కంపోజర్ డమ్మీకి "జింగలీలో" అని ఊరికే అన్నాడు, ఇప్పుడు టీమ్ అంతా అదే పాడుకుంటున్నారు, నేను ఏం రాసినా డమ్మీయే బాగుంది అంటున్నారు. ఏం చేయాలి?

వీణతంత్రి:
చెవికి అలవాటైంది ఆ అర్థం లేని మాట కాదేమో, ఆ అచ్చుల వరుస కావచ్చు. ఇం, అ, ఈ, ఓ అదే వరుసలో నాలుగు అక్షరాలు, చివర ఓ వదలకుండా రాసి వినిపించి చూడండి.

హుక్‌లైన్:
"నింగి దారో" అని ఒకటి వచ్చింది కానీ రెండో అక్షరం అ కాలేదు, మూడోది ఈ బదులు ఆ అయింది.

కొత్తకలం:
నేను మళ్ళీ ట్రై చేశా, మొదటి లైన్ మాత్రమే.
వాకిలి చూసిన చూపులు నీవే
చూపులు నావి కదా, నీవే అంటే అర్థం తిరగబడిందా?

పాటపిచ్చి:
తిరగబడింది. నీకే అనండి, రెండు గురువులు అలాగే ఉంటాయి.