సెకండ్ హ్యాండ్ ఆటో: లోన్ కట్టేశాడంట, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు పోలేదు

కొత్త డ్రైవర్: పొద్దుటి నుంచి యాప్ చూసి చూసి తల పగిలిపోతోంది. మొదటి సొంత ఆటో, బేరం కుదిరింది. అమ్మేవాడు లోన్ ఎప్పుడో కట్టేశానంటాడు, యాప్‌లో మాత్రం ఫైనాన్స్ వాళ్ల పేరు అలాగే ఉంది. ఇంజన్ సూపర్, నిన్న నడిపి చూశా. రేపు అడ్వాన్స్ ఇవ్వాలి. ఇవ్వొచ్చా?

ఫైల్ కట్ట: ఫారం 35 ఉందా?

కొత్త డ్రైవర్: అదేంటి? ఎన్ఓసీ ఉందన్నాడు.

కరెంటు బండి: ఇంకా పాత ఇంజన్ బండ్లేంటి తమ్ముడూ? నాది ఎలక్ట్రిక్. ఆయిల్ మార్చే పనే లేదు. బ్యాటరీ బండ్లకు 2018లోనే కేంద్రం పర్మిట్ అక్కర్లేదంది.

పాత స్టాండు: అతను అడిగింది అది కాదు. ఎన్ఓసీ ఉంటే భయం లేదు బాబూ, ఆర్టీఓ ఆఫీసు ఊరికే ఇస్తుందా?

ఫైల్ కట్ట: రెండూ కలిపేశారు. ఆర్టీఓ ఎన్ఓసీ బండి వేరే ఆఫీసు పరిధికి మారేటప్పుడు ఇస్తారు, అది ఫారం 28. లోన్ తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ వేరు. దాంతోపాటు ఫారం 35 మీద కంపెనీ సంతకం, స్టాంపు, ఆర్‌సీలో పేరున్నవాడి సంతకం కావాలి. అది ఆఫీసులో ఇస్తేనే ఆర్‌సీలో వాళ్ల పేరు తీస్తారు. ఆర్‌సీ అమ్మేవాడి పేరు మీదే ఉందా?

కొత్త డ్రైవర్: లేదన్నా. అతను ఇంకొకరి దగ్గర కొన్నాడు, పేరు మార్చుకోలేదట. చెప్పడం మర్చిపోయా.

ఫైల్ కట్ట: అసలు సంగతి అదన్నమాట! కాగితాల్లో ఓనర్ ఆ మొదటాయనే. ఆర్‌సీలో పేరు మార్చడానికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు ఆయనవే కావాలి. పర్మిట్ కూడా ఆయన పేరు మీదే ఉంటుంది, ఆర్‌సీ మారిందని అది మీ పేరుకు రాదు, దానికి వేరే అర్జీ పెట్టాలి. ఆయన ఫైనాన్స్ ఆఫీసుకు, ఆర్టీఓకు వస్తానంటేనే ముందుకెళ్లండి. యాప్‌లో పర్మిట్, ఫిట్‌నెస్ తేదీలు, పెండింగ్ చలాన్లు కూడా చూడండి.

పాత స్టాండు: మా స్టాండులో సగం బండ్లు ఖాళీ ఫారాల మీద సంతకాలతోనే తిరుగుతున్నాయి. ఏమైంది?

ఫైల్ కట్ట: యాక్సిడెంట్ అయ్యేదాకా ఏమీ కాదు.

బోరు మేస్త్రి: నిన్న నువ్వు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉందా? అమ్మేవాళ్లు ముందే ఓ రౌండు కొట్టి ఉంచుతారు. చెప్పకుండా తెల్లవారుజామున వెళ్లు. చల్లటి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు స్టార్ట్ చేయించు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతున్నట్టే. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీయి. గుప్పుగుప్పుమని పొగ ఎగదన్నితే రింగులు అరిగాయి, బోరు పని పడుతుంది. కొద్దిపాటి ఆవిరికి భయపడకు.

కొత్త డ్రైవర్: వేడిగానే ఉంది, నేను పట్టించుకోలేదు. మొదటాయన ఫోన్ ఎత్తట్లేదు. అడ్వాన్స్ ఆపేశా. థాంక్స్ అన్నా.

కరెంటు బండి: ఇప్పటికైనా ఎలక్ట్రిక్ చూడు తమ్ముడూ.