షరతుపై చెల్లించే కొనుగోలు సొమ్ము: వ్యాపారం రాణిస్తే నష్టం చూపాలా?

కొత్తసభ్యుడు: మేము కొన్న కంపెనీ లాభ లక్ష్యాన్ని దాటేలా ఉంది. అందువల్ల అమ్మినవారికి ఇవ్వవలసిన అదనపు సొమ్ము పెరిగిందని ఆడిటర్ మా లాభంలో కోత పెట్టారు. ధర పెరిగితే, కంపెనీ నికర ఆస్తుల విలువకు మించి ఇచ్చిన సొమ్ముగా చూపే గుడ్‌విల్ పెరగాలి కదా?

పాతలెడ్జర్: పెరగదు. లక్ష్యం చేరితే రెండేళ్ల తర్వాత 100 లక్షలు ఇవ్వాలనీ, కొన్ననాడు దానికి 40 శాతం అవకాశం ఉందనీ అనుకుందాం. 10 శాతం వడ్డీతో తగ్గిస్తే ఆనాటి విలువ సుమారు 33 లక్షలు. గుడ్‌విల్‌లో చేరేది అంతే. ఏడాది తర్వాత అవకాశం 80 శాతానికి పెరిగితే బాధ్యత దాదాపు 73 లక్షలవుతుంది. పెరిగిన 40 లక్షల్లో మూడు లక్షల పైచిలుకు కాలం గడిచినందుకు, మిగిలినది అంచనా మారినందుకు. మొత్తం లాభనష్టాల ఖాతాకే వెళ్తుంది. అదే సొమ్మును నిర్ణీత సంఖ్యలో షేర్లుగా ఇచ్చే ఒప్పందమై, ఈక్విటీగా నమోదై ఉంటే మళ్లీ విలువ కట్టే పనే ఉండదు.

తులసివనం: పన్నెండు నెలల లోపు గుడ్‌విల్‌ను సవరించుకోవచ్చని కంపెనీల కొనుగోళ్ల లెక్కలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 3 చెబుతున్నప్పుడు మీరు ఇంత కచ్చితంగా కాదనడం సరికాదు.

పాతలెడ్జర్: ఆ గడువు కొన్ననాటికే ఉండి, మనకు ఆలస్యంగా తెలిసిన వాస్తవాలకు మాత్రమే. కొనుగోలుకు ముందే కుదిరిన ఆర్డరు తర్వాత బయటపడితే సవరించవచ్చు. మూడో నెలలో కొత్తగా గెలిచిన ఆర్డరుకు అది వర్తించదు.

సంస్థఅమ్మినవాడు: నా సంస్థను అమ్మినప్పుడు, మూడేళ్లు అక్కడే పనిచేస్తేనే మిగతా సొమ్ము ఇస్తామని రాయించుకున్నారు. చివరకు దాన్ని నా జీతంగా లెక్కకట్టారు. నేను కట్టిన సంస్థ ధర జీతం ఎలా అవుతుంది?

పాతలెడ్జర్: ఉద్యోగం మానేస్తే ఆ హక్కు దానంతటదే పోతుందని ఒప్పందంలో ఉంటే, అది కొనుగోలు ధర కాదు, చేసిన పనికి ప్రతిఫలం. మీ బాధ న్యాయమైనదే, కానీ ఆ వాక్యమే దాని స్వభావాన్ని నిర్ణయించింది.

సంస్థఅమ్మినవాడు: ఆ వాక్యం రాసింది వారు, సంతకం తప్ప నాకు వేరే దారి లేదు.

తులసివనం: మీరు ప్రతిదానికీ నియమం చదివి వినిపిస్తున్నారు, అసలు విషయం మాత్రం తప్పించుకుంటున్నారు! ఆ ప్రమాణానికి 2008లో చేసిన సవరణకు ముందు ఇలాంటి మార్పులు గుడ్‌విల్‌లోకే వెళ్లేవి, అప్పుడు ఎవరూ వాటితో లాభం తయారుచేయలేకపోయేవారు. ఇప్పుడు మొదట్లో అంచనాను కావాలని పెంచితే గుడ్‌విల్ ఉబ్బుతుంది. తర్వాత బాధ్యతను తగ్గిస్తే ఆ తేడా లాభంగా వచ్చిపడుతుంది. ఆ లాభం మీదే బోనసు తీసుకునేవారు ఆ అంచనా వేయడమే నా అభ్యంతరం.

పాతలెడ్జర్: ఈ మాట మొదటే చెప్పి ఉండవలసింది, ఎందుకంటే ఆ భయం నిజమైనదే. అలాంటి లాభం కనిపించిన ఏడాది, గుడ్‌విల్ విలువ పడిపోయిందా అని చేసే పరీక్షను చూడండి. లక్ష్యం చేరని కంపెనీయే బాధ్యత తగ్గించడానికి బలహీనంగానూ, గుడ్‌విల్ నిలబెట్టడానికి బలంగానూ కనిపిస్తే, రెండు అంచనాలనూ పక్కపక్కన పెట్టి అడగాలి. అయినా గుడ్‌విల్‌ను తిరగరాస్తూ పోతే, కొన్ననాడు ఎంత తప్పుగా అంచనా వేశారో ఎవరికీ కనిపించదు.

తులసివనం: పక్కపక్కన పెట్టి అడిగే అవకాశం ఆడిటర్‌కు ఉంటుంది, ఆ అంచనాలు పూర్తిగా కనిపించని చిన్న వాటాదారుకు ఉండదు. అందుకే నేను ఒప్పుకోను.

కొత్తసభ్యుడు: మా కొత్త ఆర్డర్లన్నీ కొనుగోలు తర్వాతివే. ఆడిటర్‌తో ఇక వాదించను, కానీ లక్ష్యం చేరే అవకాశం ఎంత శాతమని, ఎలా అంచనా వేశారో మాత్రం అడుగుతాను.