పాత సముద్రపు నేల లెక్క ప్రకారం ఎందుకు కుంగడం లేదు?

నమస్కారం. నేను నల్లగొండ జిల్లా దేవరకొండలో భూగోళశాస్త్రం బోధిస్తాను. మధ్య సముద్ర రిడ్జి వద్ద వేడిగా పుట్టిన నేల, దూరం జరిగేకొద్దీ చల్లబడి, బరువెక్కి కుంగుతుందని, దాని లోతు మీటర్లలో d = 2500 + 350√t అని బోర్డు మీద వేసి చూపాను; ఇందులో t అంటే పది లక్షల ఏళ్లలో వయసు. 6.4 కోట్ల ఏళ్ల నేలకు 5300 మీటర్లు వచ్చింది, అది కొలతలకు దగ్గరగానే ఉంటుంది.

అయితే మరియానా ట్రెంచికి తూర్పున ఉన్న, సుమారు 15 కోట్ల ఏళ్ల నేలకు లెక్కలో దాదాపు 6800 మీటర్లు వస్తుంటే, అసలు లోతు ఇంచుమించు 6000 మీటర్లే. మా ఊరి గుట్టల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని తెలిసిన పిల్లలు, పదిహేను కోట్ల ఏళ్లకే ఆ నేల కుంగడం ఎందుకు మందగించిందని అడిగారు.

ఫలక అడుగుకు మాంటిల్ నుంచి అందే వేడి వల్లనా, లేక పైన చేరిన మట్టి, సముద్ర గర్భ అగ్నిపర్వతాలు లోతును తగ్గించడం వల్లనా? ఈ రెండింటినీ ఏ కొలతతో వేరు చేసి చూడవచ్చో తెలిసినవారు దయచేసి వివరించగలరు.